అనుభవం మరీ ఎక్కువున్న అభ్యర్థిని ఎలా ఇంటర్వ్యూ చేయాలి?

ప్రశ్న: మాది గుంటూరులో కోల్డ్ స్టోరేజీ, దాంతోపాటు మిర్చి ఎగుమతి. అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ కావాలని ప్రకటన ఇచ్చాం, జీతం 35 వేలు. హైదరాబాదులో ఫైనాన్స్ మేనేజరుగా చేసిన ఒకాయన దరఖాస్తు పెట్టారు, 22 ఏళ్ల అనుభవం. మా అకౌంట్స్ మేనేజరుకి 31 ఏళ్లు, ఈయన అతని కింద పనిచేయాలి. "మూడు నెలల్లో వెళ్లిపోతాడు, పిలవొద్దు" అంటున్నారు నాన్నగారు. నాకేమో పిలవాలని ఉంది. వయసు ఎత్తకుండా, అవమానించినట్టు కాకుండా ఏం అడగాలి?

జవాబు:

పిలవండి. అయితే ఫోన్ చేసే ముందు మీరూ నాన్నగారూ కూర్చుని, ఆయన విషయంలో మీకున్న భయాలు ఏమిటో ఒక కాగితం మీద విడివిడిగా రాసుకోండి. మీ మాటల్లో నాకు మూడు కనిపిస్తున్నాయి. త్వరగా వెళ్లిపోతారేమో, రోజువారీ ఎంట్రీల పని విసుగనిపిస్తుందేమో, తనకంటే చిన్నవాడు చెప్పింది వినరేమో. ఈ మూడూ కలిసిపోయి "ఈయన మనకి సరిపడడు" అనే ఒకే అభిప్రాయంగా మారితే ఇక ఇంటర్వ్యూలో ఏం అడిగినా దాన్ని బలపరిచే జవాబే వినిపిస్తుంది. విడదీస్తే ఒక్కోదాన్నీ పరీక్షించవచ్చు.

రాసుకున్నాక ఒక్కో భయం పక్కన ఈ ప్రశ్న వేసుకోండి: ఇదే ఉద్యోగానికి 27 ఏళ్ల సీఏ కుర్రాడు దరఖాస్తు పెడితే ఈ భయం ఉండేదా? వెళ్లిపోతాడన్న భయం తప్పకుండా ఉండేది, బహుశా ఇంకా ఎక్కువగా. విసుగూ అంతే. మాట వినడం సంగతి చూస్తే, యూనివర్సిటీ ర్యాంకు తెచ్చుకున్న కుర్రాడు 31 ఏళ్ల మేనేజరుతో రోజూ వాదించడం నేను చాలా చోట్ల చూశాను. అంటే మీ భయాలకు మూలం ఆయన పుట్టిన సంవత్సరం కాదు. మీరిచ్చే పనికీ ఆయన చేయగలిగిన పనికీ మధ్య ఎంత దూరం ఉంది, ఆ దూరం తెలిసే ఆయన వస్తున్నారా, ఇవే తేలాల్సినవి. కుర్రాడి విషయంలో ఉండని భయం ఏదైనా జాబితాలో మిగిలితే అది వయసు గురించిన ఊహ. "ఈ వయసులో ట్యాలీ కొత్త వెర్షన్ ఏం నేర్చుకుంటాడు", "ఆరోగ్యం ఎలా ఉంటుందో" లాంటివి అవే. వాటిని కొట్టేయండి. ట్యాలీ వచ్చో రాదో చూడాలంటే అభ్యర్థులందరికీ ఒకే పరీక్ష పెట్టి చూడవచ్చు.

ఇంటర్వ్యూ కంటే ముందు చేయాల్సిన పని ఇంకోటుంది. చాలామంది దీన్ని వదిలేస్తారు గానీ నా ఉద్దేశంలో సగం ఫలితం ఇందులోనే ఉంది. ఉద్యోగాన్ని గంటల లెక్కలో రాయండి. "జీఎస్టీ, బ్యాంకు పనులు, స్టాకు లెక్కలు చూసుకోవాలి" అని రాస్తే ఫైనాన్స్ మేనేజరుకి ఒకలా, కొత్తగా బీకాం అయినవాళ్లకి ఇంకోలా అర్థమవుతుంది. ఇప్పుడు ఆ సీట్లో ఉన్నవాళ్లను, ఎవరూ లేకపోతే ఆ పని పంచుకుంటున్నవాళ్లను, ఒక వారం పాటు ఏ పనికి ఎంతసేపు పట్టిందో రాయమనండి. మీలాంటి సంస్థలో అది సుమారుగా ఇలా తేలుతుంది. పొద్దున గేటు దగ్గర కాటా చీటీలు, లోపలికి వచ్చిన టిక్కీల లెక్క, లాట్ నంబర్లు ట్యాలీలో ఎక్కించడం రెండు మూడు గంటలు. రైతులతో, కమిషన్ ఏజెంట్లతో అద్దె బాకీల గురించి ఫోన్లు ఒక గంట. సరుకు మీద తీసుకున్న బ్యాంకు రుణాల కాగితాలు, బాండ్లు సరిచూడటం ఒక గంట. ఈ-వే బిల్లులు, కొనుగోలు బిల్లులు రెండు గంటలు. మిగతాది బ్యాంకు స్టేట్‌మెంటు సరిపోల్చడం, ఫైలింగ్. నెలలో 11వ తేదీకి జీఎస్టీఆర్-1, 14న వచ్చే 2బీతో కొనుగోళ్లు సరిచూసుకోవడం, 20వ తేదీకి 3బీ. ఫిబ్రవరి నుంచి మే దాకా యార్డులో సీజను, ఆ రోజుల్లో రాత్రి ఎనిమిది దాటుతుంది, ఆదివారాలు కూడా ఉంటాయి.

ఈ పట్టికలో సొంత నిర్ణయంతో చేసే పని ఎంత ఉందో కూడా నిజాయితీగా రాయండి. పదింట ఎనిమిది పాళ్లు ఎంట్రీలూ సరిచూడటమూ అయితే అలాగే రాయండి. జీతం 35 వేలని, ఇంతవరకు మీరు ఏటా ఎంత పెంచుతున్నారో కూడా చేర్చండి. తర్వాత ఈ కాగితాన్ని ఇంటర్వ్యూకి పిలిచే ప్రతి ఒక్కరికీ రెండు రోజుల ముందు వాట్సాప్‌లో పంపండి. ఆయన ఒక్కరికే పంపొద్దు. దీన్ని చదివి కొందరు రామని చెబుతారు, అది మంచిదే. చదివి కూడా వచ్చినవాళ్లతో మాట్లాడటానికి మీ ఇద్దరి మధ్యా ఒక గట్టి కాగితం ఉంటుంది.

ఇక ఇంటర్వ్యూ. మన దగ్గర పెద్దవాళ్లు వస్తే ముందు కాఫీ ఇచ్చి "సొంతూరు ఎక్కడండీ, పిల్లలేం చేస్తున్నారు, అమ్మాయి పెళ్లయిందా" అని అడగడం మర్యాద. మామూలు రోజుల్లో అది బాగానే ఉంటుంది. ఈ సందర్భంలో మాత్రం ఆ జవాబులు తెలియకుండానే సాక్ష్యాలైపోతాయి. పిల్లలు అమెరికాలో ఉన్నారంటే "ఇక డబ్బు అవసరం లేదు, ఊరికే కాలక్షేపానికి వచ్చాడు" అనుకుంటాం. అమ్మాయి పెళ్లి కాలేదంటే "డబ్బు కోసం తొందరలో ఉన్నాడు, ఎక్కువిస్తే వెళ్లిపోతాడు" అనుకుంటాం. రెండింటికీ పనితో సంబంధం లేదు. నిర్ణయం అయ్యేదాకా కుటుంబం, ఆరోగ్యం, రిటైర్మెంటు, "ఇంకా ఎన్నాళ్లు చేద్దామనుకుంటున్నారు" వంటివి ఎత్తకండి. మీకు నిజంగా కావలసింది సీజనులో పని చేయగలరా అన్నదే అయితే నేరుగా అదే అడగండి: "ఫిబ్రవరి నుంచి మే దాకా వారానికి ఆరున్నర రోజులు, రాత్రి ఎనిమిది దాకా పని ఉంటుంది. మీకు వీలవుతుందా?" ఇది పాతికేళ్ల అమ్మాయినీ అడగండి, ఆయన్నీ అడగండి.

తనంతట తాను "మా అమ్మగారికి ఒంట్లో బాగాలేదు, అందుకే హైదరాబాద్ వదిలి వచ్చేశాను" అని చెబితే వినండి, గౌరవించండి, దాన్ని తవ్వకండి. అమ్మగారి ఆరోగ్యం కుదుటపడితే వెళ్లిపోతారా అనే లెక్క అసలే వద్దు. కుటుంబ కారణంతో వచ్చినవాళ్లు స్థిరంగా ఉండిపోవడం ఎంత సాధారణమో, మామూలు కారణాలతో వచ్చినవాళ్లు ఆరు నెలల్లో వెళ్లిపోవడమూ అంతే సాధారణం.

"ఇంత పెద్ద ఉద్యోగం చేసినవారు, మా దగ్గరికి ఎందుకండీ?" అని మాత్రం అడగొద్దు. అందులో అవమానం ఉంది, పైగా ఉపయోగం లేదు. ఆ ప్రశ్న వస్తుందని ఆయనకి తెలుసు, దానికి జవాబు ముందే తయారుచేసుకుని వస్తారు. అసలు కారణం తెలియాలంటే ఆయన ఈ నిర్ణయం ఎలా తీసుకున్నారో అడగాలి. నేను వాడే ప్రశ్నలు ఇలా ఉంటాయి. "మేం పంపిన పని పట్టిక చదివారు కదా, ఇందులో మీకు ఇష్టంగా అనిపించింది ఏది, బరువుగా అనిపించింది ఏది?" "ఇప్పుడు ఇంకా ఎలాంటి ఉద్యోగాలు చూస్తున్నారు? వాటి పక్కన ఇది మీకు ఎలా కనిపిస్తోంది?" "మీ పాత పనిలో ఏవి వదులుకోవడానికి సిద్ధపడి వచ్చారు, ఏవి వదులుకోలేరు?" ఇవన్నీ మూడేళ్ల అనుభవం ఉన్నవాళ్లనూ అడగదగినవే. అదే మాటలతో, అదే వరసలో అందరినీ అడగండి. అప్పుడే జవాబుల్ని పక్కపక్కన పెట్టి చూడగలరు.

జవాబులో నేను చూసేది రెండు విషయాలు. ఒకటి, మాట ఎంత నిర్దిష్టంగా ఉంది. రెండు, నష్టాన్ని కూడా పేరుపెట్టి చెబుతున్నారా లేదా. "నెలాఖరు లెక్కలు ముగించడం నాకు ఇష్టం, అది నేనే చేతులతో చేస్తాను. పన్నెండు మందిని నడిపే బాధ్యత ఇక వద్దనుకున్నాను. ఎంట్రీలు మొదటి నెల నెమ్మదిగా ఉంటాయి, ఎందుకంటే కొన్నేళ్లుగా అవి నా కింది వాళ్లు చేశారు. కాటా చీటీల పని కాస్త విసుగే, కానీ రోజుకి రెండు గంటలే కదా" అని ఒకరు చెప్పారనుకోండి. ఆ మనిషి మీ కాగితాన్ని చదివి, తన రోజును అందులో ఊహించుకుని వచ్చాడు. అలాగే "మీ ఎగుమతి పనిలో ఎదుగుదల ఉంటుందని వచ్చాను, రెండేళ్లలో అది మొత్తం చూసుకోవాలని ఉంది" అన్నా అది మంచి జవాబే. మీ దగ్గర ఆ అవకాశం ఉందో లేదో అక్కడే చెప్పేయాలి. లేదంటే లేదని చెప్పండి.

"ఏ పనైనా చేస్తానండీ, జీతం నాకు ముఖ్యం కాదు" అనే జవాబు దగ్గర మాత్రం ఆగాలి. అలా అన్నంత మాత్రాన తిరస్కరించకండి. కొన్ని నెలలుగా పని లేనివాళ్లు, చాలా చోట్ల "మీకు అర్హత ఎక్కువ" అని వెనక్కి పంపబడినవాళ్లు భయంతోనే అలా అంటారు. ఇష్టం లేనిదాన్ని చెప్పే చనువు మీరే ఇవ్వండి: "ప్రతి ఉద్యోగంలోనూ బరువైన పని ఒకటి ఉంటుందండీ. ఇందులో మీకు అది ఏదో చెబితే మాకే మేలు, దానివల్ల మీకేం నష్టం రాదు." ఇలా రెండోసారి అడిగినా జవాబు అంతే గాలిలో ఉంటే అప్పుడు సందేహించడానికి కారణం ఉంది.

జీతం గురించి మొహమాటం లేకుండా, చివర్లో కాకుండా మధ్యలోనే మాట్లాడండి. పాత జీతం ఎంతో అడిగి "అంత వచ్చినవారికి ఇది సరిపోదు" అని మీరే తేల్చేయకండి. ఆయన ఇంటి లెక్క ఆయనకే తెలుసు. "35 వేలు, ఏడాది దాకా మారదు, ఆ తర్వాత పెంపు సాధారణంగా ఇంత ఉంటుంది. ఈ లెక్క మీకు కుదురుతుందా? మున్ముందు ఏది మారితే కుదరకపోవచ్చు?" అని అడిగితే చాలు. ఆ రెండో ప్రశ్నకి చాలామంది నిజమే చెబుతారు. "పాత కంపెనీ నుంచి పిలుపు వస్తే ఆలోచిస్తాను" అన్న మాట కూడా నేను విన్నాను. అలా చెబితే, ఆ సంగతి తెలిసే తీసుకోవడమా మానడమా అనేది మీరు తేల్చుకోవచ్చు.

మాటల తర్వాత చేతిపని. అభ్యర్థులందరికీ నలభై ఐదు నిమిషాల పరీక్ష ఒకటి పెట్టండి. పేర్లు చెరిపేసిన నిజమైన కాగితాల కట్ట ఇవ్వండి. అందులో స్టాకు రిజిస్టరు పేజీ ఒకటి: ఒక లాట్‌లో 412 టిక్కీలు వచ్చాయి, 150 ఒకసారి, 96 ఇంకోసారి విడుదలయ్యాయి, నిల్వ దగ్గర 176 అని రాసి ఉంటుంది. ఉండాల్సింది 166. ఇంకో కాగితంలో ఒక సరఫరాదారు బిల్లు ఉంటుంది కానీ 2బీలో అది కనిపించదు. బ్యాంకు స్టేట్‌మెంటులో తిరిగొచ్చిన చెక్కు ఒకటి పుస్తకంలో ఎక్కి ఉండదు. చివరగా ఒక సందర్భం: చెన్నై పోర్టుకి వెళ్తున్న లారీ ఒంగోలు దగ్గర చెడిపోయింది, సరుకు ఇంకో లారీలోకి మార్చారు, ఈ-వే బిల్లు సంగతి ఏం చేస్తారు? పార్ట్-బీలో కొత్త వాహనం నంబరు మార్చాలి, గడువు తేదీ దాటుతుందేమో చూసుకోవాలి. ఇవి తెలిసినవాళ్లు పది నిమిషాల్లో చెప్పేస్తారు.

మేనేజరు స్థాయిలో చేసినవాళ్లు తప్పు పట్టుకోవడంలో ముందుంటారు, ట్యాలీలో చెయ్యి వేగం తగ్గి ఉండవచ్చు. వేగం కొన్ని వారాల్లో తిరిగొస్తుంది కాబట్టి దానికి మార్కులు తక్కువ పెట్టండి. తప్పు కనిపించాక ఏం చేశారన్నదానికి ఎక్కువ పెట్టండి. 176 చూసి పక్కన పెన్సిల్‌తో 166 అని దిద్దేసి వెళ్లిపోయారా, లేక "విడుదల చీటీ ఒకటి చూపిస్తే గానీ ఏది తప్పో చెప్పలేను" అని అడిగారా? బాండు మీద బ్యాంకు రుణం ఉన్న సరుకులో పది టిక్కీల తేడా అంటే చిన్న విషయం కాదు. ఆ ప్రశ్న అడిగినవాళ్లే మీకు కావలసినవాళ్లు, వాళ్లకి ఎన్నేళ్లున్నా సరే. "ఇవన్నీ మా కింద జూనియర్లు చేసేవారండీ" అని ఎవరైనా అంటే అదీ తప్పు కాదు. నిజమే చెప్పారు. అన్న తర్వాత కాగితం ముందుకు లాక్కున్నారా, పక్కకు నెట్టారా చూడండి.

మీ 31 ఏళ్ల మేనేజరు సంగతికి వస్తాను, మీ ప్రశ్నలో అసలు బరువు ఇక్కడే ఉందనిపించింది. "మీ పైన చిన్నవాడు ఉంటాడు, ఇబ్బంది లేదా?" అని అడిగితే ఎవరైనా "అబ్బే, లేదండీ" అనే అంటారు. పైగా ఆ ప్రశ్న వయసును మధ్యకి తెచ్చి కూర్చోబెడుతుంది. దాని బదులు జరిగిన సంగతి అడగండి. "మీకు నచ్చని పద్ధతిని పైవాళ్లు చెప్పారు కాబట్టి అమలు చేయాల్సి వచ్చిన సందర్భం ఒకటి చెప్పండి. మీరు ఏమన్నారు, తర్వాత ఏం చేశారు, చివరికి ఏమైంది?" ఇందులో మీకు కావలసిన వివరం మధ్యలో ఉంటుంది. అభ్యంతరం ఎవరికి చెప్పారు, ఎలా చెప్పారు, నిర్ణయం మారకపోతే పని పూర్తిగా చేశారా, సగం మనసుతో చేశారా. "నేను చెప్పినట్టే చేసి ఉంటే ఆ నష్టం వచ్చేది కాదు" అన్నచోట కథ ఆగిపోతే ఇంకో ప్రశ్న వేయండి: "అప్పుడు మీరు ఎవరితో మాట్లాడారు?"

ఈ ప్రశ్నను మీరు అడగకండి, మీ మేనేజరే అడగాలి. అతను గదిలో పక్కన కూర్చుని నోట్సు రాసుకునేవాడిలా ఉండకూడదు. పరీక్ష కాగితాలు ఇచ్చేది అతనే, చూసేది అతనే. పరీక్ష అయ్యాక అతను ఒక సూచన ఇవ్వాలి: "మా దగ్గర లాట్ నంబరుకి ముందు చాంబర్ నంబరు వేస్తామండీ, ఈ రెండు ఎంట్రీలు అలా మార్చండి." ఇది చిన్న విషయమే. అయినా ఎదుటి మనిషి ఆ మాటను అతని నుంచి తీసుకుంటున్నారా, లేక జవాబు మీ వైపు తిరిగి చెబుతున్నారా అన్నది అప్పుడు కళ్లముందు కనిపిస్తుంది. అడిగింది మేనేజరైనా చూపు మాటిమాటికీ యజమాని కొడుకు మీదే ఉంటే అది గమనించాల్సిన విషయం. ఒకటి రెండుసార్లయితే పట్టించుకోకండి, మన దగ్గర యజమాని ఉన్నచోట అందరూ అలాగే చూస్తారు.

అంతకంటే ముందు మేనేజరుతో ఒంటరిగా మాట్లాడండి. నా అనుభవంలో ఇలాంటి నియామకాలు చెడిపోయిన చోట, వచ్చినాయన అహంకారం కంటే ఉన్నవాడి భయమే ఎక్కువసార్లు కారణం. "ఈయన వస్తే ఆరు నెలల్లో నా సీటు ఈయనకి ఇస్తారు" అనుకున్న మేనేజరు సమాచారం దాచేస్తాడు, చిన్న పనులే అప్పగిస్తాడు, నాలుగు నెలలకి "ఈయన మనతో కలవడం లేదు" అంటాడు. మీరు ముందే స్పష్టంగా చెప్పాలి: అతని సీటు అతనిదే, ఈయన పని మంచి చెడ్డలు తేల్చేది అతనే, నాన్నగారు కూడా అతన్ని దాటి ఈయనకి నేరుగా పని చెప్పరు. చివరి మాటకి నాన్నగారిని ఒప్పించడం మీ వంతు. అనుభవం ఉన్న మనిషి పక్కన కనబడితే పెద్దాయన నేరుగా పిలిచి బ్యాంకు విషయం అడగడం చాలా సహజం. కానీ అలా నాలుగుసార్లు జరిగితే మేనేజరు పని అయిపోయినట్టే.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ విడిభాగాల హోల్‌సేల్ వ్యాపారి ఒకరికి స్టోర్స్ ఇన్‌చార్జిని ఎంపిక చేసినప్పటి సంగతి చెబుతాను, పైన చెప్పినవన్నీ కలిస్తే ఎలా ఉంటుందో తెలుస్తుంది. జీతం 30 వేలు. వచ్చినవాళ్లలో ఒకాయన పెద్ద ఫ్యాక్టరీలో స్టోర్స్ విభాగం మొత్తం నడిపినవారు. పరీక్షగా బిన్ కార్డులకీ కంప్యూటరులో నిల్వకీ ఉన్న తేడాలు వెతకమన్నాం. అందరికంటే ముందు ఆయనే పట్టుకున్నారు. పట్టుకున్న వెంటనే, ర్యాకుల అమరికే తప్పని, మొత్తం మార్చాలని పది నిమిషాలు వివరించారు. పక్కనున్న స్టోర్స్ మేనేజరు ముఖం మాడిపోయింది. అక్కడే వద్దనుకుని ఉండవచ్చు. మేం బదులుగా మేనేజరు చేత ఒక మాట చెప్పించాం: "మీరు చెప్పింది నిజమే కావచ్చు. ఈ ఏడాది ర్యాకులు కదిపే వీలు లేదు. ఇలాగే నడపాలి." ఆయన ఎందుకని అడిగారు. గోదాము అద్దె ఒప్పందం ముగుస్తోంది, వేరే చోటికి మారే ఆలోచన ఉంది అని మేనేజరు చెప్పాడు. "అయితే మారేదాకా తేడాలు రాయడానికి ఒక పుస్తకం పెట్టుకోవచ్చా, వారానికోసారి మీకు చూపిస్తాను" అన్నారు ఆయన. ఆ ఒక్క మాటతో మాకు తెలియాల్సింది చాలావరకు తెలిసింది. సలహా చెప్పే అలవాటు ఉంది, కాదంటే కారణం అడుగుతారు, కారణం విన్నాక ఉన్నదాంట్లో పని చేసుకుంటారు.

అయినా వెంటనే తీసుకోలేదు. ఇంకో రోజు సగం పూట గోదాములో గడపమన్నాం, చివరి ఇద్దరినీ. హమాలీల కేకలు, దుమ్ము, కౌంటరు నుంచి నిమిషానికోసారి వచ్చే ఫోన్లు చూశాక కూడా వస్తానన్నారు. పాత సంస్థలో ఆయన పైన పనిచేసినాయనకి ఫోన్ చేసి "ఎలాంటి మనిషి" అని అడగలేదు, "సొంత చేతులతో ఏయే పనులు చేసేవారు, ఆయన అభిప్రాయం నెగ్గనప్పుడు ఎలా ఉండేవారు" అని అడిగాం. తర్వాత చేర్చుకున్నారు.

ఆయన రెండేళ్లు దాటి పనిచేశారు, పుస్తకంలో రాసిన తేడాలు మొదటి ఏడాదిలోనే బాగా తగ్గాయి. మధ్యలో ఒక చిక్కు వచ్చింది, అది మీకు పనికొస్తుంది. మనిషి సమర్థుడని చూసి యజమాని మెల్లగా కొనుగోలు బేరాలు అప్పగించారు, ఆ తర్వాత బాకీ వసూళ్లు. పదవి అదే, జీతం అదే, పని మాత్రం రెండింతలు. కొనుగోళ్లు చూసే కుర్రాడితో గొడవలు మొదలయ్యాయి. ఆయనే వచ్చి "నేను ఒప్పుకున్న పని ఇది కాదు" అన్నారు. కూర్చుని మాట్లాడి వసూళ్లు తీసేసి, కొనుగోళ్లలో ధరల పోలిక వరకు ఉంచి, జీతం పెంచాక కుదుటపడింది. అర్హత ఎక్కువున్నవాళ్లు విసుగుతో వెళ్లిపోతారని అందరూ అంటారు. అడగకుండా, డబ్బివ్వకుండా పెద్ద పని మోపడం వల్ల వెళ్లిపోయేవాళ్లూ ఉన్నారు, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. తుర్కియేలో బట్టల దుకాణాల ఉద్యోగుల మీద బెర్రిన్ ఎర్డోగన్, తల్యా బవర్ చేసిన పరిశోధన 2009లో వచ్చింది. తమకి అర్హత ఎక్కువని భావించిన ఉద్యోగులు అమ్మకాల్లో ముందున్నారనీ, తమ పనిమీద తమకు స్వేచ్ఛ, పట్టు ఉన్నాయనిపించిన చోట వెళ్లిపోయే ధోరణి పెద్దగా కనిపించలేదనీ అందులో తేలింది. ఆటోనగర్‌లో ఆ పుస్తకం చేసిన పని అదే. ఆయన సొంతంగా నడిపే చిన్న భాగం ఒకటి దొరికింది.

కాబట్టి మీ అభ్యర్థికి కూడా ఆ 35 వేల ఉద్యోగం లోపలే సొంతంగా నడపగలిగేది ఏముందో చూడండి. ఎగుమతి బిల్లుల్లో షిప్పింగ్ బిల్లు వివరాలూ జీఎస్టీఆర్-1 వివరాలూ సరిపోక రీఫండ్లు ఆగుతుంటాయి కదా. ఆ సరిపోలిక మొత్తం ఆయన చేతికివ్వవచ్చు. ఇస్తే దాన్ని పని పట్టికలో ముందే రాయండి, ఎవరు ఎంపికైనా వాళ్లకి అదే వర్తించేలా.

ఇక వెళ్లిపోతారన్న భయం. దీన్ని ఏ ఇంటర్వ్యూ పూర్తిగా తీర్చలేదు, ఆయన విషయంలోనూ కుర్రాడి విషయంలోనూ. "కనీసం రెండేళ్లు ఉంటానని మాటివ్వండి" అని అడిగి తీసుకున్న మాటకి విలువ లేదు, సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవడం లాంటివి అసలే చేయకండి. మీకు నష్టం ఎప్పుడు పెద్దదో చూసుకుని ఏర్పాటు చేసుకోండి. మార్చిలో ఎవరు మానేసినా మీ సీజను దెబ్బతింటుంది. అందుకే సీజను మొదలవడానికి కనీసం మూడు నెలల ముందు చేర్చుకోండి, బాండ్ల ఫైలు, రిటర్నుల పాస్‌వర్డులు ఇద్దరికి తెలిసేలా ఉంచండి, నోటీసు గడువు రెండు నెలలని ఇరువైపులా వర్తించేలా ఆర్డరులో రాయండి. చేరిన మూడో నెలలో మేనేజరుతో కూర్చుని ఆ పట్టికను మళ్లీ ముందు పెట్టుకుని "ఇందులో ఏది అనుకున్నట్టు లేదు" అని మాట్లాడే తేదీ ఇప్పుడే వేసుకోండి. ఆటోనగర్ ఆయన వెళ్లేటప్పుడు తన తర్వాతివాడికి నెలన్నర నేర్పించి వెళ్లారు. అలా వెళ్లేలా ఏర్పాటు ఉంటే వెళ్లడం నష్టం కాదు.

నిర్ణయం తీసుకునే రోజు ఒక్క జాగ్రత్త. ఇంటర్వ్యూ ముగియగానే మీరు, మేనేజరు, నాన్నగారు ఎవరికి వారు ప్రతి ప్రశ్నకీ ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు, పక్కన అభ్యర్థి అన్న మాట ఒకటి రాసుకోవాలి. ఆ తర్వాతే నోరు తెరవాలి, నాన్నగారు చివర్లో మాట్లాడాలి. పెద్దాయన ముందు "వెళ్లిపోయేలా ఉన్నాడు" అన్నారంటే మిగతా ఇద్దరి కాగితాలూ వృథా. ఆయన అలా అనుకుంటే అనుకోనివ్వండి, కానీ అభ్యర్థి ఏ మాట వల్ల అలా అనిపించిందో కాగితం మీద చూపించమనండి. చూపించలేకపోతే ఆ అభిప్రాయానికి మార్కులు లేవు.

తీసుకోకపోతే ఆయనకి మీరే ఫోన్ చేసి చెప్పండి. "మీకు అర్హత ఎక్కువైంది" అని చెప్పకండి, ఆ మాటకి ఆయన సరిదిద్దుకోగలిగేది ఏమీ లేదు. నిజమైన కారణం చెప్పండి: పరీక్షలో స్టాకు తేడాలు ఇంకొకరు బాగా పట్టుకున్నారనో, సీజను ఆదివారాలు కుదరవన్నారు కాబట్టనో. చెప్పడానికి అలాంటి కారణం ఏదీ మీ కాగితాల్లో దొరక్కపోతే, ఫోన్ పక్కన పెట్టి ముగ్గురి మార్కులూ ఇంకోసారి చూడండి.